స్ప్రెడ్ తగ్గింది, డబ్బులు మాత్రం రాలేదు: పెయిర్స్ ట్రేడింగ్‌లో కాల్మన్ ఫిల్టర్

గత ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, పెయిర్స్ ట్రేడింగ్‌లో హెడ్జ్ రేషియో రోజూ మారుతుంటే ఏం చేయాలి? కాల్మన్ ఫిల్టర్ పెడితే సరిపోతుందా?" అని. సరిపోతుంది. కాకపోతే అందులో ఒక గొయ్యి ఉంది. నేను అందులో పడ్డాను కాబట్టి, ఈ రోజు అదే చూపిస్తాను.

నేను మొదటిసారి ఇది రాసినప్పుడు బ్యాక్‌టెస్ట్ గ్రాఫ్ మెట్లు ఎక్కినట్టు పైకి వెళ్లింది. పదిలో తొమ్మిది ట్రేడ్లు లాభం. అది చూసి చిన్న మొత్తంతో లైవ్‌లో పెట్టాను. రెండు నెలలయ్యాక లెక్క చూసుకుంటే ఒక విచిత్రం. స్క్రీన్ మీద స్ప్రెడ్ ప్రతిసారీ సున్నాకి వచ్చేస్తోంది, అకౌంట్‌లో మాత్రం డబ్బు బ్రోకరేజీకి పోతూనే ఉంది. స్ప్రెడ్ నిజంగా తగ్గితే నాకు డబ్బు రావాలి కదా? మరి ఎక్కడికి పోయింది? ఈ ఎపిసోడ్ అంతా ఆ ప్రశ్నకు జవాబే.

ముందు, రేషియో ఎందుకు జరుగుతుందో ఒక నిజమైన ఉదాహరణ చూద్దాం. అమెరికా మార్కెట్లో GLD అని ఒక ఈటీఎఫ్ ఉంది, అది బంగారం ధరను అనుసరిస్తుంది. GDX అని ఇంకొకటి, అది బంగారు గనుల కంపెనీల షేర్ల ఈటీఎఫ్. బంగారం పెరిగితే గనుల లాభం పెరుగుతుంది, కాబట్టి రెండూ కలిసి నడవాలి. కానీ గని నడవాలంటే డీజిల్ కావాలి, కరెంటు కావాలి. 2008 జూలైలో ముడి చమురు బ్యారెల్ 140 డాలర్లు దాటింది. అలాంటప్పుడు బంగారం పెరిగినా, ఆ పెరుగుదలలో కొంత ఖర్చుల్లోకే పోతుంది. అంటే రెండింటి మధ్య బంధం తెగిపోకపోయినా, బంగారం ఒక రూపాయి కదిలితే గనుల షేరు ఎంత కదులుతుంది అన్న లెక్క మారుతుంది. ఆ లెక్కే హెడ్జ్ రేషియో, దాన్ని బీటా అంటాం. ఖర్చులు, అప్పులు, కొత్త షేర్లు ఇష్యూ చేయడం, ఇవన్నీ నెలల తరబడి మెల్లగా మారతాయి కాబట్టి బీటా కూడా మెల్లగా జరుగుతుంది.

ఒకసారి రిగ్రెషన్ చేసి వచ్చిన బీటాని ఏడాదంతా వాడితే ఏమవుతుంది? లెక్క తేలిగ్గా ఉండడానికి నేను ఊహించిన అంకెలు తీసుకుంటాను. ఎక్స్ షేరు 100 రూపాయలు, వై షేరు 150. బీటా 1.50. వై, బీటా రెట్లు ఎక్స్, వీటి మధ్య తేడానే స్ప్రెడ్. మామూలుగా అది సున్నాకి అటూ ఇటూ 2 రూపాయలు ఊగుతుంది. ఏడాదిలో అసలు బీటా 1.53కి జరిగిందనుకోండి. మనం ఇంకా 1.50 పట్టుకుని కూర్చుంటే, ఏడాది చివర స్ప్రెడ్ 3 రూపాయలు తేడాగా కనిపిస్తుంది. అది అవకాశం కాదు, మన తూకం రాయి అరిగిపోయింది అంతే. దాన్ని చూసి వై అమ్మితే, అది వెనక్కి రాదు. ఎందుకంటే వెనక్కి రావాల్సిన చోటే మారిపోయింది.

ఇక్కడ కాల్మన్ ఫిల్టర్ వస్తుంది. ఐడియా సింపుల్. బీటా మన కంటికి కనిపించదు, రోజూ కొద్దికొద్దిగా జరుగుతుంది. ఎంత జరగొచ్చు అన్నదానికి ఒక వేరియన్స్ ఇస్తాం, అది Q. వై ధరలో బీటాతో సంబంధం లేని ఊగిసలాట ఉంటుంది, దాని వేరియన్స్ R. రోజూ ఫిల్టర్ ముందుగా వై ఎంత ఉండాలో అంచనా వేస్తుంది, అసలు ధర చూస్తుంది, తేడాలో కొంత భాగం బీటా మారినందువల్ల వచ్చిందని, మిగతాది ఊగిసలాట అని పంచుతుంది. ఎంత భాగం ఎటు పోవాలో Q, R చెప్తాయి. కోడ్ ఇంతే:

```python
beta, P = 1.50, 0.00009
Q, R = 0.00001, 4.0

for x, y in prices:
    P = P + Q
    e = y - beta * x
    S = x * P * x + R
    z = e / S**0.5
    K = P * x / S
    beta = beta + K * e
    P = (1 - K * x) * P
```

P అంటే బీటా మీద మనకున్న అనుమానం. e అంటే అంచనా తప్పిన మొత్తం, మనం ట్రేడ్ చేసే స్ప్రెడ్ అదే. e లెక్కేసేటప్పుడు నిన్నటి బీటా వాడుతున్నాం, ఇవాళ్టి ధరతో అప్‌డేట్ చేసిన బీటా కాదు. ఆ వరుస మార్చకండి.

ఒక్క రోజు చేత్తో లెక్కేద్దాం. R 4 అంటే ఊగిసలాట 2 రూపాయలు. P 0.00009కి Q కలిపితే 0.0001. ఇవాళ ఎక్స్ 100, వై 153. అంచనా 150, కాబట్టి e 3 రూపాయలు. S ఎంత? 100 ఇంటూ 0.0001 ఇంటూ 100 అంటే 1, ప్లస్ 4, మొత్తం 5. దాని వర్గమూలం సుమారు 2.24. z అంటే 3 బై 2.24, సుమారు 1.34. K అంటే 0.01 బై 5, అంటే 0.002. కొత్త బీటా 1.50 ప్లస్ 0.002 ఇంటూ 3, అంటే 1.506.

ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. రేపు కూడా ధరలు అస్సలు కదల్లేదు అనుకుందాం. ఎక్స్ 100, వై 153 అలాగే ఉన్నాయి. రేపటి అంచనా 150.60. e ఇప్పుడు 2.40. మార్కెట్లో ఒక్క పైసా కదల్లేదు, స్ప్రెడ్ మాత్రం 60 పైసలు తగ్గింది. ఎవరు తగ్గించారు? ఫిల్టరే. తేడాలో 20 శాతాన్ని బీటాలోకి మింగేసింది.

అలాగే పది రోజులు ధరలు కదలకుండా ఉంచి చూడండి. e 3 నుంచి 2.40, తర్వాత 1.96, 1.62, అలా తగ్గుతూ పదకొండో రోజుకి 50 పైసలకు వస్తుంది. బీటా 1.525కి చేరుతుంది. z 0.23. "స్ప్రెడ్ సున్నా దగ్గరకు వచ్చింది, ఎగ్జిట్ అవ్వు" అంటుంది కోడ్. మనం మొదటి రోజు ఒక వై అమ్మి, ఒకటిన్నర ఎక్స్ కొన్నాం. బయటికి వచ్చేటప్పుడు రెండు ధరలూ కొన్నప్పటిలాగే ఉన్నాయి. లాభం సున్నా, మైనస్ బ్రోకరేజీ, పన్నులు. కబడ్డీలో రైడర్ గీత దాకా రాలేదు, గీతే జరిగి రైడర్ కాలి కిందకి వచ్చింది. బోర్డు మీద మాత్రం పాయింట్ పడింది.

నా బ్యాక్‌టెస్ట్ ఎందుకు అబద్ధం చెప్పిందో ఇప్పుడు అర్థమైంది కదా. నేను లాభాన్ని స్ప్రెడ్‌లో మార్పుగా లెక్కేశాను. 3 నుంచి 0.50కి వచ్చింది కాబట్టి రెండున్నర రూపాయల లాభం అని రాసుకుంది నా కోడ్. అందులో మార్కెట్ ఇచ్చింది ఏమీ లేదు. బీటా మారుతున్నప్పుడు స్ప్రెడ్ మార్పు లాభం కాదు. మన చేతిలో ఉన్న షేర్ల సంఖ్య ఇంటూ వాటి ధరలో మార్పు, అదొక్కటే లాభం:

```python
units_x = units_y * beta_in
pnl = -units_y * (y_out - y_in) + units_x * (x_out - x_in)
```

వై అమ్మి ఎక్స్ కొన్నప్పటి లెక్క ఇది. `beta_in` అంటే ట్రేడ్‌లోకి వెళ్లినప్పటి బీటా. మధ్యలో బీటా మారిందని మీ షేర్లు వాటంతట అవి మారవు. మీరు రోజూ సర్దుబాటు చేస్తే దానికి ఆర్డర్లు వేయాలి, ప్రతి ఆర్డర్‌కీ ఖర్చు పడుతుంది, అది కూడా లెక్కలోకి రావాలి. నేను ఈ రెండు లైన్లు పెట్టగానే నా మెట్ల గ్రాఫ్ కాస్తా కిందకి వాలిన గీత అయిపోయింది. బాధేసింది, కానీ నిజం అదే.

సరే, లెక్క సరిచేశాం. అసలు జబ్బు మాత్రం ఇంకా ఉంది. ఫిల్టర్ స్ప్రెడ్‌ని ఇంత త్వరగా ఎందుకు మింగుతోంది? కాల్మన్ ఫిల్టర్ ఒక విషయం నమ్ముతుంది. ఊగిసలాట ఏ రోజుది ఆ రోజుదే, నిన్నటి దానికి ఇవాళ్టి దానికి సంబంధం లేదు అని. కానీ పెయిర్స్‌లో మనం వెతికేదే దానికి వ్యతిరేకం. తేడా వస్తుంది, కొన్ని రోజులు ఉంటుంది, మెల్లగా తగ్గుతుంది. వరుసగా ఐదు రోజులు వై పైనే ఉంటే మనం "మంచి అవకాశం" అనుకుంటాం, ఫిల్టర్ మాత్రం "ఓహో, బీటా పెరిగిందన్నమాట" అనుకుంటుంది. మన సరుకునే అది తప్పుగా చదువుతోంది. డేటా చూసి Q నువ్వే ఎంచుకో అని ఫిల్టర్‌కే వదిలేసినా ఇదే జరుగుతుంది. ఆ నిలిచి ఉండే తేడాని వివరించడానికి దాని దగ్గర Q తప్ప వేరే దారి లేదు, అందుకని Q పెద్దది చేసేస్తుంది.

కాబట్టి Q మనమే తెలిసి పెట్టాలి. ఎలా? Q అనే అంకెతో ఆలోచించకండి, 0.00001 అంటే ఎక్కువో తక్కువో ఎవరికీ తెలియదు. రోజుల్లో ఆలోచించండి. ధరలు కదలకుండా ఉంటే స్ప్రెడ్‌లో సగాన్ని మింగడానికి ఫిల్టర్‌కి ఎన్ని రోజులు పడుతుంది? దాన్ని ఫిల్టర్ హాఫ్ లైఫ్ అందాం. కొన్ని రోజులు నడిచాక ఫిల్టర్ రోజూ మింగే వాటా ఒక అంకె దగ్గర కుదురుకుంటుంది. ఆ వాటా g అయితే, ఒక్క బీటా మాత్రమే ఉన్న మన మోడల్‌కి, ఎక్స్ ధర పెద్దగా మారనప్పుడు, సూత్రం ఇది:

```python
g = 1 - 0.5 ** (1 / days)
Q = R * g**2 / (1 - g) / x**2
```

మనం ఇందాక వాడిన Qకి g 0.146 దగ్గర కుదురుకుంటుంది. హాఫ్ లైఫ్ నాలుగున్నర రోజులు కూడా లేదు. అసలు స్ప్రెడ్ తగ్గడానికి, అంటే మార్కెట్లో నిజంగా సగం కావడానికి, 10 రోజులు పడుతుందనుకోండి. మార్కెట్ కన్నా ముందే ఫిల్టర్ తినేస్తోంది. ఇక మనకేం మిగులుతుంది?

ఫిల్టర్ హాఫ్ లైఫ్ 50 రోజులు పెడదాం. g సుమారు 0.0138 వస్తుంది, Q 0.000000077. ముందు దానికన్నా సుమారు 130 రెట్లు చిన్నది. ఇప్పుడు అదే పరీక్ష చేస్తే, ధరలు కదలకుండా పది రోజుల తర్వాత 3 రూపాయల తేడా ఇంకా 2.61 ఉంటుంది. అంటే ఇకమీదట స్ప్రెడ్ సున్నాకి వచ్చిందంటే దాదాపుగా మార్కెటే తెచ్చింది.

"అయితే ఇంకా నెమ్మది చేద్దాం, 500 రోజులు పెడదాం" అంటారా? అక్కడా ఒక మూల్యం ఉంది. మన బీటా ఏడాదిలో 1.50 నుంచి 1.53కి జరుగుతోంది కదా, 250 ట్రేడింగ్ రోజులకి రోజుకి 0.00012. ఎక్స్ 100 కాబట్టి రోజుకి 1.2 పైసలు. ఫిల్టర్ ఎప్పుడూ కాస్త వెనకబడే ఉంటుంది. ఎంత వెనకబడుతుందంటే, ఆ 1.2 పైసల్ని gతో భాగించినంత. 50 రోజుల ఫిల్టర్‌కి అది సుమారు 87 పైసలు. అసలు ఫిల్టరే లేకపోతే ఏడాది చివర 3 రూపాయలు. 87 పైసలు సున్నా కాదు, 2 రూపాయల ఊగిసలాట పక్కన అది ఒక వైపుకి వాలిన తక్కెడే. కానీ దానితో బతకొచ్చు. నేను పాటించేది ఏంటంటే, స్ప్రెడ్ హాఫ్ లైఫ్‌కి నాలుగైదు రెట్లు ఫిల్టర్ హాఫ్ లైఫ్. అంతకన్నా వేగమైతే సరుకు తినేస్తుంది, మరీ నెమ్మదైతే వెనకబడిపోతుంది.

ఇప్పుడు నెట్‌లో తిరిగే అంకెల గురించి. చాలా కోడ్‌లలో డెల్టా 0.0001, ఊగిసలాట వేరియన్స్ 0.001 అని కనిపిస్తుంది. ఎర్నీ చాన్ 2013లో వచ్చిన తన ఆల్గరిథమిక్ ట్రేడింగ్ పుస్తకంలో ఆస్ట్రేలియా ఈటీఎఫ్ EWA, కెనడా ఈటీఎఫ్ EWC జంటకి వాడిన అంకెలవి. ఎక్స్ ధర 20 డాలర్లు అనుకుని మన సూత్రంలో పెట్టి చూడండి. 20 స్క్వేర్ అంటే 400, ఇంటూ 0.0001 అంటే 0.04. దాన్ని 0.001తో భాగిస్తే 40. దానికి g సుమారు 0.976 వస్తుంది. అంటే ఇవాళ వచ్చిన తేడాలో 97 శాతానికి పైగా రేపటికల్లా బీటాలోకి పోతుంది. ఇది తప్పని నేననను. అది ఒక్క రోజు షాక్‌ని ట్రేడ్ చేసే వేరే స్ట్రాటజీ. కానీ "మా పెయిర్ బంధం నెలల మీద మెల్లగా జరుగుతుంది" అనుకుంటూ ఈ అంకెలు కాపీ చేస్తే, మీరు అనుకున్నది ఒకటి, కోడ్ చేసేది ఇంకొకటి. పైగా సూత్రంలో ఎక్స్ స్క్వేర్ ఉంది చూడండి. 20 డాలర్ల ఈటీఎఫ్ అంకెలు తీసుకొచ్చి 1,500 రూపాయల షేరు మీద పెడితే అర్థమే మారిపోతుంది.

మీది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి మూడు చూడండి. ఒకటి, ఇప్పుడు చేసిన ఫ్రీజ్ టెస్ట్. చివరి ధరల్నే మళ్లీ మళ్లీ ఫిల్టర్‌కి ఇచ్చి e ఎన్ని రోజుల్లో సగమవుతుందో చూడండి. ఆల్ఫా, బీటా రెండూ ఉన్న మోడల్‌కి నా చిన్న సూత్రం నేరుగా సరిపోదు, కానీ ఈ టెస్ట్ పనిచేస్తుంది. రెండు, z విలువల స్టాండర్డ్ డీవియేషన్ 1కి దగ్గరగా ఉండాలి. 3 వచ్చిందంటే R మరీ చిన్నగా పెట్టారు, సిగ్నల్స్ ఊరికే మోగుతాయి. మూడు, బీటా గ్రాఫ్. అది నెలల మీద వంగే గీతలా ఉండాలి. రోజూ రంపం పళ్లలా కదులుతుంటే Q ఎక్కువే.

`pykalman` వాడేవాళ్లకి ఒక మాట. అందులో `filter` ఉంది, `smooth` ఉంది. `smooth` ఇచ్చే బీటా గీత చాలా అందంగా ఉంటుంది, ఎందుకంటే అది రేపటి ధరలు కూడా చూసి ఇవాళ్టి బీటా చెప్తుంది. బ్యాక్‌టెస్ట్‌లో అది వాడితే పేపర్ లీకైన పరీక్ష రాసినట్టే. మొత్తం డేటా మీద `em` నడిపి వచ్చిన Q, R వాడినా అంతే. ఇంకోటి, మొదట్లో P పెద్దగా ఉంటే ఫిల్టర్ ఆ కొన్ని వారాలు వేగంగా మింగుతుంది. ఆ కాలం సిగ్నల్స్ పక్కన పెట్టేయండి.

చివరగా, ఇది చేయలేనిది. ఈ ఫిల్టర్ మెల్లగా జరిగే బంధానికే. హెచ్‌డీఎఫ్‌సీ, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ జంట గుర్తుందా? మన దగ్గర పెయిర్స్ చేసేవాళ్లకి బాగా తెలిసిన జంట. 2022 ఏప్రిల్ 4న విలీనం ప్రకటించారు. 25 హెచ్‌డీఎఫ్‌సీ షేర్లకి 42 బ్యాంకు షేర్లు, అంటే రేషియో 1.68. ఆ రోజు నుంచి ఆ రెండింటినీ కట్టి ఉంచింది పాత గణాంకం కాదు, ఆ ఒప్పందం. మిగిలిన తేడా, విలీనం జరుగుతుందా, ఎప్పుడు జరుగుతుంది అన్న సందేహానికి ధర. 2023 జూలై 1న విలీనం పూర్తయింది, జంటే లేకుండా పోయింది. ప్రకటనలో ఒక్క లైనులో ఉన్న సంగతిని 50 రోజుల ఫిల్టర్ నెలల తరబడి నేర్చుకుంటూ కూర్చుంటుంది, ఈలోపు తప్పుడు సిగ్నల్స్ ఇస్తూనే ఉంటుంది. అలాంటి వార్త వచ్చినప్పుడు ట్రేడ్ మూసేసి, కొత్తగా మొదలుపెట్టాలి. వార్త ఏమీ కనిపించకపోయినా, స్ప్రెడ్ దాని హాఫ్ లైఫ్‌కి రెండు మూడు రెట్ల కాలం గడిచినా తగ్గకపోతే నేను బయటికి వచ్చేస్తాను.

ఇంకో చిన్న అడ్డంకి మన మార్కెట్లోనే ఉంది. క్యాష్‌లో అమ్మి రాత్రికి ఉంచుకోవడం మనకి మామూలుగా కుదరదు కాబట్టి ఫ్యూచర్స్ వాడతాం. ఫ్యూచర్స్ లాట్లలో వస్తాయి. ఫిల్టర్ 1.506 నుంచి 1.509కి మారిందని మీరు వెయ్యిలో మూడు వంతులు కొనలేరు. రోజూ బీటా సర్దాలన్న కోరిక అక్కడే ఆగిపోతుంది, నిజానికి అది మంచిదే.

నా సంగతి చెప్పి ముగిస్తాను. Q సరిచేసి, లాభం లెక్క సరిచేసి, ఖర్చులు కలిపాక, ఆ జంటలో మిగిలింది చాలా చిన్న లాభం. నా డబ్బు పెట్టేంత లేదు, ఆపేశాను. పదిలో తొమ్మిది గెలుపులు అసలు ఎప్పుడూ లేవు. మీ కోడ్ తెరిచి ముందు ఫ్రీజ్ టెస్ట్ నడపండి, ఎన్ని రోజులు వచ్చిందో కామెంట్‌లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో స్ప్రెడ్‌ని కూడా ఫిల్టర్ లోపల ఒక స్టేట్‌గా పెట్టి, అది నిలిచి ఉంటుందన్న సంగతి ఫిల్టర్‌కే ఎలా చెప్పాలో చూద్దాం. ఉంటాను మరి, బై.